బర్డ్ ఫ్లూ రోజుల్లో చికెన్ కూర

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. భోపాల్ ల్యాబ్ అది బర్డ్ ఫ్లూ అని తేల్చింది. గోదావరి జిల్లాల్లోనే కాదు, ఎక్కడో ఉన్న హైదరాబాద్‌లోనూ జనం చికెన్ కొనడానికి జంకారు. నిజానికి బాగా ఉడికిన చికెన్‌నీ గుడ్డునీ మానేయాల్సిన పనిలేదు.

ఈ వైరస్ వేడికి తట్టుకోలేదు. ముక్క లోపలిదాకా 70 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చచ్చిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుతకుత ఉడికే కూర వేడి అంతకంటే ఎక్కువే. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా వైరస్ చావదు. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి నానబెట్టడాన్నీ నమ్ముకోలేం.

అందుకే ప్రమాదమంతా పొయ్యి ఎక్కించకముందే ఉంటుంది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ వైరస్ సోకి చనిపోయింది. చికెన్ కోస్తున్నప్పుడు పాపకు పచ్చి ముక్క పెట్టామని, ఉడికిన కూర తిన్న తమకు ఏమీ కాలేదని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు పత్రికలు రాశాయి. ఒక్క కేసుతో అంతా తేలిపోదు గానీ, జాగ్రత్త ఎక్కడ పడాలో అది చెబుతోంది.

పచ్చి చికెన్ కోసిన కత్తితోనే, కడగకుండా, ఉల్లిపాయో కీరదోసో తరగడం మన ఇళ్లలో మామూలే. కూర ఎంత ఉడికినా ఆ కీరదోస ఉడకదు కదా! ముక్కల్ని కుళాయి ధార కింద పెట్టి కడిగితే ఆ తుంపరలు సింకు పక్కనున్న గిన్నెల మీదా పడతాయి. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, చేతులూ చెక్కా సబ్బుతో తోముకోవాలి.

ముక్క ఉడికిందా లేదా అన్నది రంగు చూసి తేల్చకండి. లేత బ్రాయిలర్‌లో పూర్తిగా ఉడికాక కూడా ఎముక పక్కన ఎర్రగా కనిపించొచ్చు. లెగ్ పీసుల్లాంటి పెద్ద ముక్కలతోనే చిక్కు. ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా నూనెలో వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. వంటింటి థర్మామీటరు ఉంటే ఎముకకు తగలకుండా లావుపాటి చోట గుచ్చి చూడటం మేలు.

జబ్బు చేసిన కోడి పెట్టే గుడ్డులో పెంకు మీదే కాదు, లోపలా వైరస్ ఉండొచ్చు. అందుకని చుట్టుపక్కల జబ్బు ఉన్న రోజుల్లో ఆఫ్ బాయిల్, సొన కారే ఆమ్లెట్, పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్ వద్దు. తెల్లసొనా పచ్చసొనా రెండూ గట్టిపడాలి.

చచ్చిన కోళ్లనో, తూగుతున్న కోళ్లనో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే మాత్రం, ఎంతసేపైనా ఉడికించుకోవచ్చులే అని తెచ్చుకోవద్దు. కోసి, ఈకలు పీకి, పేగులు తీసే ఆ కాసేపట్లోనే వైరస్ చేతులకు అంటుతుంది, ముక్కులోకీ వెళుతుంది.