వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో అమెరికా అమ్మానాన్నలకి చెప్పడమెలా?

పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఒక విద్యా సంవత్సరమంతా అమెరికాలో, అంతకుముందు ముఖపరిచయమైనా లేని వాళ్లింట్లో ఉండి, అక్కడి హైస్కూల్లో చదువుకునే పథకాలున్నాయి. 2002లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ అలాంటిదే. మన దేశం నుంచి కూడా పిల్లలు దాని కింద వెళ్తుంటారు. వాళ్లకి తిండీ, పడకా చూసే ఇంటివాళ్లని హోస్ట్ ఫ్యామిలీ అంటారు. అలా చూసినందుకు వాళ్లకి డబ్బు ముట్టదు. ఇష్టపడి చేస్తారంతే. ఆ సంగతి తెలిసిన తెలుగు పిల్లల మనసులో ‘వీళ్ల తిండి తింటున్నాం’ అన్న భావం గట్టిగానే ఉంటుంది. తికమక కూడా ఒక్కోసారి అక్కడే మొదలవుతుంది.

ఒక సందర్భం ఊహించుకుందాం. ఈ పథకాల్లో ప్రతి విద్యార్థికీ ఓ లోకల్ కోఆర్డినేటర్ ఉంటారు. నిబంధనల ప్రకారం కనీసం నెలకోసారి విద్యార్థితోనూ, ఇంటివాళ్లతోనూ మాట్లాడాలి. ఆవిడ వచ్చి, అమ్మాయితో విడిగా మాట్లాడి వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఇంటావిడ నవ్వుతూ, “మా మీద ఏమైనా చాడీలు చెప్పావా?” అని అడిగింది. మన అమ్మాయికి చటుక్కున నోటికొచ్చిన మాట, “ఛఛ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదాన్నా నేను!” దాన్నే మక్కికి మక్కి ఇంగ్లిష్‌లోకి దించేసింది: “ఐ డోంట్ కౌంట్ ద రాఫ్టర్స్ ఆఫ్ ద హౌస్ వేర్ ఐ ఈట్.”

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు ఒకసారి పైకి చూశారు. అక్కడ వాసాలు లేవు.

లేకపోవడమేమిటి, ఉన్నాయి. అమెరికా ఇళ్లు చాలావరకు చెక్క కట్టడాలే కాబట్టి కప్పు కింద వాసాలుంటాయి. కానీ వాటి కింద జిప్సం బోర్డుతో సీలింగ్ వేసి, తెల్లరంగు కొట్టేస్తారు. వాసం కంటబడాలంటే అటక మీదికి ఎక్కాల్సిందే. మన పాత పెంకుటిల్లు అలా కాదు. అడ్డంగా దూలం, దాని పైన నడికప్పు నుంచి చూరు దాకా ఏటవాలుగా దిగే వాసాలు, వాటిమీద పెంకులు. కింద సీలింగేమీ ఉండదు. అన్నం తిని మంచమ్మీద వెల్లకిలా పడుకుంటే కళ్లకి ఎదురుగా కనిపించేవి అవే. పెట్టింది తిని, ఆ ఇంటి మంచమ్మీదే పడుకుని, ఆ ఇల్లెంతుందో, ఏముందో లెక్కలు కడుతున్నవాడి మనసులో వేరే ఆలోచన ఉందన్నమాట. ఆదరించినవాళ్లకే ద్రోహం తలపెట్టే మనిషిని తెలుగువాళ్లు ఆ బొమ్మతో పట్టుకున్నారు. టికెట్ ఇచ్చి గెలిపించిన పార్టీని వదిలి పక్క పార్టీలోకి దూకిన నాయకుణ్ని పాత పార్టీవాళ్లు ఇప్పటికీ ఆ మాటతోనే తిడతారు. తిట్టేవాళ్లలో చాలామంది స్లాబు ఇళ్లల్లో పుట్టినవాళ్లే.

కాబట్టి అమ్మాయి మర్నాడు ఇంటివాళ్లకి ఓ చిన్న ఉత్తరం రాయాలనుకుంటే, మొదట తోచేది అర్థం చెప్పేయడమే. అది కష్టం కాదు. ఇంగ్లిష్‌లోనూ ‘బైట్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యూ’ అనే జాతీయం ఉంది. అన్నం పెట్టిన చేతినే కరవడం. మన మాటకి దగ్గరగా సరిపోతుంది. అది చెప్తే ఇంటివాళ్లకి ఒక్క క్షణంలో బోధపడుతుంది.

కానీ అంతటితో ఆపేస్తే కొత్త చిక్కు వస్తుంది. “పెట్టిన చేతిని కరవను” అని ఒకమ్మాయి అందంటే, వినేవాళ్లకి రెండు అనుమానాలు రావచ్చు. ఒకటి, కరవాల్సినంత కారణం ఏదో ఉందా? రెండు, ఏదైనా ఇబ్బంది ఉన్నా కృతజ్ఞత కొద్దీ బయటికి చెప్పకుండా దాచుకుంటోందా? ఆ ఇంటావిడ సరదాకే అడిగినా, కోఆర్డినేటర్ నెలనెలా మాట్లాడేది సరిగ్గా అలాంటివి దాగకుండా చూడ్డానికే. పిల్ల నోరు విప్పకపోవడమే మంచితనం అనుకుంటే ఆ ఏర్పాటుకి అర్థమే లేదు.

ఇందులో తెలుగు చెవికి మాత్రమే తెలిసే సంగతి ఇంకొకటుంది. మనం ఈ మాటని సాధారణంగా అక్కడ లేని మూడో మనిషిని దుయ్యబట్టడానికి వాడతాం. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ‘అలాంటిదాన్ని కాను’ అనే వాడుకుంటాం. అదీ ఎవరో వేలెత్తి చూపినప్పుడు. థాంక్స్ చెప్పడానికి ఎవరూ దీన్ని వాడరు. అంటే అమ్మాయి నోట ఆ మాట రావడానికి కారణం ఇంటావిడ ప్రశ్నలోని హాస్యాన్ని కాస్త నిజమనుకోవడమే. ఉత్తరంలో ముందు చెప్పాల్సింది అదీ.

ఇంగ్లిష్‌లో రాసే ఆ ఉత్తరం సారాంశం తెలుగులో ఇలా ఉండొచ్చు:

“మామ్, డాడ్! నిన్న రాత్రి నేనన్న వాసాల మాట మీకు వింతగా అనిపించి ఉంటుంది. అది మా తెలుగులో ఓ జాతీయం. అన్నం పెట్టినవాళ్లకి ద్రోహం చెయ్యడం అని అర్థం. మీరు వాడే ‘బైట్ ద హ్యాండ్’ లాంటిదే. మామ్ నవ్వులాటకి అడిగిందని నాకు కొంచెం ఆలస్యంగా వెలిగింది. అందుకే అంత గట్టి మాట వాడేశాను. మీ మీద నేను ఏ ఫిర్యాదూ దాచుకోవడం లేదు. కోఆర్డినేటర్‌తో స్కూలు గురించి, చలికోటు గురించి మాట్లాడాను. నాకేదైనా ఇబ్బంది వస్తే ముందు మీకే చెప్తాను, అవసరమైతే ఆవిడకీ చెప్తాను. మా అమ్మమ్మవాళ్ల పాత ఇంటి ఫొటో ఒకటి పెడుతున్నాను. పైన ఏటవాలుగా ఉన్న కర్రలే వాసాలు.”

ఈ ఉత్తరంలో జాతీయం అర్థానికి రెండు వాక్యాలే పట్టాయి. మిగతాదంతా ఆ మాట ఎందుకు వచ్చిందో, దానితో తను ఏం చెప్పడం లేదో వివరించడానికే. ‘ఏ ఫిర్యాదూ దాచుకోవడం లేదు’ అన్నది తీసేసి చూడండి, మిగిలేది నిఘంటువులో ఆరోపం లాగా ఉంటుంది. ఫొటో అలంకారానికి కాదు. ‘రాఫ్టర్స్’ అన్న మాట వినగానే వాళ్ల మనసుకి వచ్చేది అటక. భోజనం చేసి పడుకున్న మనిషి కంటికి కనపడే కప్పు కాదు.

ఇలాంటి ఉత్తరాలు చెడేది ఎక్కువగా రెండు రకాలుగా. క్షమాపణలు పేజీ నిండా సాగితే, చిన్న తికమక పెద్ద తప్పులా కనిపించి ఇంటివాళ్లే కంగారు పడతారు. లేదా సామెతల మీద పాఠంలా తయారై, అసలు సంగతి అడుక్కి పోతుంది. పని జరిగిందో లేదో వాళ్ల జవాబులో తెలుస్తుంది. వాళ్లు ఆ ఇంటి ఫొటో గురించో, చలికోటు గురించో అడిగితే సరిగ్గా అందినట్టే. “నిజంగా అంతా బాగానే ఉందా?” అని మళ్లీ అడిగితే మాత్రం మధ్యలో వాక్యాలు వాళ్లకి అందలేదు. ఇక ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి.

పిల్లల్ని ఇలా పంపే తల్లిదండ్రులు బయల్దేరే ముందు చెప్పాల్సిందొకటుంది. పథకం వాళ్లు ప్రతి విద్యార్థికీ అత్యవసర ఫోన్ నంబర్లున్న గుర్తింపు కార్డు ఇస్తారు. పెట్టిన ఇంట్లో నిజంగానే ఇబ్బంది ఎదురైతే ఆ నంబరుకి ఫోన్ చెయ్యడం వాసాలు లెక్కపెట్టడం కిందికి రాదని వాళ్లకి విడమరిచి చెప్పండి.