ప్రాంప్టులో ఏది ముందు, ఏది వెనుక

బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కు ఇచ్చే ప్రాంప్టులో సాధారణంగా ఐదు సంగతులుంటాయి. బొమ్మలో ఎవరున్నారు లేదా ఏముంది, అది ఎక్కడ, ఏ శైలిలో గీయాలి, వెలుతురు ఎలా పడాలి, చూసేవారికి ఏ భావం కలగాలి. కొత్తగా మొదలుపెట్టినవారు ఈ ఐదింటినీ రాస్తారు గానీ తోచిన వరుసలో రాస్తారు. 2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ వంటి మోడళ్ల దగ్గర ఆ వరుస మారితే బొమ్మే మారిపోతుంది.

కారణం ఆ మోడల్ చదివే తీరులో ఉంది. ప్రాంప్టును ముందుగా అందుకునేది క్లిప్ అనే భాగం. అది వాక్యాన్ని టోకెన్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క అర్థాన్ని దానికి ముందున్న ముక్కలతో కలిపి తేలుస్తుంది. తర్వాత వచ్చేవాటిని చూడదు. అందుకే మొదటి మాటల ప్రభావం చివరిదాకా పాకుతుంది, చివరి మాటలది వెనక్కి రాదు. పైగా అందులో 75 టోకెన్లకే చోటు. ఆ పైన రాసింది చాలా సందర్భాల్లో తెగిపోతుంది. క్లిప్ నేర్చుకున్నది ఎక్కువగా ఇంగ్లీషు వ్యాఖ్యల నుంచే కాబట్టి ప్రాంప్టు కూడా ఇంగ్లీషులోనే టైపు చేయాల్సి వస్తుంది.

పెంకుటింటి అరుగు మీద కూర్చుని మల్లెలు మాల కడుతున్న ముసలమ్మ బొమ్మ కావాలనుకుందాం. ప్రశాంతం, ఉదయం, వాటర్ కలర్, పల్లె, పెంకుటిల్లు అంటూ మొదలుపెట్టి చివర్లో ముసలమ్మను చేరిస్తే, చాలాసార్లు వచ్చేది ఒక అందమైన పల్లె దృశ్యం. ముసలమ్మ ఓ మూల చిన్నగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. అదే వరుసను సరిచేసి రాస్తే ఇలా ఉంటుంది:

```
an old woman in a green cotton sari stringing jasmine,
sitting on the stone verandah of a tiled-roof house,
watercolor painting,
low morning sun from the left, long shadows,
calm mood
```

మొదటి వరుసలో మనిషి ఒక్కటే చాలదు, చేస్తున్న పని కూడా ఉండాలి. పని చెప్పకపోతే ముసలమ్మ కెమెరా వైపు చూస్తూ ఫొటోకు కూర్చున్నట్టు వస్తుంది. చీర రంగు చీర పక్కనే ఉండాలి. ఆకుపచ్చ చీర, ఎర్ర తలుపు అని రెండు రంగులు చెబితే తలుపు ఆకుపచ్చగా, చీర ఎర్రగా మారడం ఈ మోడళ్లలో మామూలే. అలా కనిపిస్తే ఒక రంగు తీసేయడమే సులువైన మందు. ఆవులు వద్దు అని రాయడం కూడా పొరపాటే. ఆ మాట వల్లే ఆవులు వచ్చే ప్రమాదం ఉంది. వద్దనుకున్నవి రాయడానికి నెగెటివ్ ప్రాంప్ట్ అనే వేరే పెట్టె ఉంటుంది.

స్థలం గురించి ఒక్క మాట చాలు. శైలిని కొందరు అన్నిటికన్నా ముందు పెడతారు, అదీ తప్పు కాదు. వాటర్ కలర్ తీరు గట్టిగా కనిపించాలంటే నిజానికి అదే మంచిది. వాటర్ కలర్ అని, 35 ఎం.ఎం. ఫొటో అని ఒకే ప్రాంప్టులో రెండూ రాయడమే తప్పు. వచ్చేది ఏ శైలికీ చెందని బొమ్మ.

వెలుతురు, భావం పక్కపక్కనే ఉండటానికి కారణముంది. ప్రశాంతం, విషాదం వంటి మాటలకు కంటికి కనిపించే రూపం లేదు. విషాదం అని మాత్రమే రాస్తే మోడల్ ముసలమ్మ ముఖం మీద కన్నీళ్లు పెట్టవచ్చు. భావాన్ని నిజంగా మోసేది వెలుతురే. ఎడమవైపు నుంచి పడే ఉదయపు ఎండ, పొడుగాటి నీడలు అంటే మోడల్‌కు గీయడానికి వస్తువు దొరుకుతుంది. ఆ వరుసను మబ్బు పట్టిన సాయంత్రం, మసక వెలుతురు అని మార్చి చూస్తే, చివరి మాట అలాగే ఉన్నా బొమ్మ దిగులుగా మారుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ అని రాసి దాని పక్కనే మెత్తని వెలుతురు అంటే మాత్రం రెండూ కొట్టుకుంటాయి.

ఏ మాట ఏం చేసిందో తెలియాలంటే సీడ్ అనే సంఖ్యను మార్చకుండా ఉంచి, ఒక్క వరుసను మాత్రమే మార్చాలి. మోడల్ బొమ్మను మొదలుపెట్టే గజిబిజి చుక్కలను ఆ సంఖ్యే నిర్ణయిస్తుంది. దాన్ని వదిలేస్తే బొమ్మలో వచ్చిన తేడా మాట వల్లా, కొత్త చుక్కల వల్లా అన్నది చెప్పలేం.

2023లో వచ్చిన డాల్-ఈ 3 వంటి మోడళ్ల దగ్గర వరుస పట్టింపు తగ్గింది. అవి పూర్తి వాక్యాలను బాగా అర్థం చేసుకుంటాయి. డాల్-ఈ 3ను చాట్‌జీపీటీ ద్వారా వాడిన రోజుల్లో అది ప్రాంప్టును ముందు తిరగరాసి, వివరాలు చేర్చి మరీ బొమ్మ గీయించేది. అక్కడ వరుస కన్నా వదిలేసిన వివరమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వెలుతురు గురించి ఏమీ చెప్పకపోతే ఆ ఖాళీని మోడలే తనకు తోచినట్టు పూరిస్తుంది.