అడగని భిక్ష

1975 డిసెంబరులో లావోస్‌లో రాచరికం ముగిసి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం, పొద్దున్నే వీధుల్లోకి వచ్చే బౌద్ధ భిక్షువులకు జనం ఆహారం పెట్టకూడదని ఆంక్ష విధించింది. దేశంలో తిండికి కటకటగా ఉంది, ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లు ఊరి మీద పడి తినడమేమిటి, వాళ్ల కూరగాయలు వాళ్లే పండించుకోవచ్చు కదా అన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పెట్టేవాళ్లలో అసంతృప్తి పెరిగింది. కొన్ని నెలలకే ప్రభుత్వం తగ్గి, సరే, అన్నం వరకు పెట్టుకోండి అంది. తర్వాత ఆ కట్టడి కూడా పోయింది.

తినేవాడి తిండి ఆపితే పెట్టేవాళ్లకు ఎందుకు కోపం వచ్చింది? ఇది అర్థం కావాలంటే ముందు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ పట్నంలో ఒక ఉదయం ఏం జరుగుతుందో చూడాలి.

అక్కడి ఇళ్లలో జిగురు బియ్యం వండుతారు. రాత్రే నానబోసి, తెల్లవారుజామున వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. ఇంట్లో ఎవరూ ముట్టకముందే కొంత తీసి మూత ఉన్న చిన్న బుట్టలో పెడతారు. ఇల్లాలు భుజం మీదుగా పైట లాంటి వస్త్రం వేసుకుని, చెప్పులు విడిచి, ఇంటి ముందు చాప మీద మోకాళ్లపై కూర్చుంటుంది. వెలుగు వస్తుండగా విహారాల నుంచి భిక్షువులు వరసగా వస్తారు. వయసును బట్టి కాదు, సంఘంలో చేరిన కాలాన్ని బట్టి ముందు పెద్దలు, చివర కుర్ర శ్రామణేరులు. చెప్పుల్లేవు, మాటల్లేవు. భుజానికి వేలాడే పాత్ర మూత తీస్తారు. ఆమె వేళ్లతో చిన్న ముద్ద తీసి ఒక్కొక్కరి పాత్రలో వేస్తుంది. అతను ఆమె ముఖంలోకి చూడడు, ఆగడు, ధన్యవాదాలు చెప్పడు. కూరలు వీధిలో వేయరు, తర్వాత విహారానికి పంపుతారు. బుట్ట పట్టుకుని దారిలో కూర్చున్న పేద పిల్లలు ఉంటే, వాళ్లకు భిక్షువులే తమ పాత్రల్లోంచి కొంత వేస్తూ పోతారు.

సంక్రాంతి నెలలో తల మీద అక్షయపాత్రతో పాడుకుంటూ వచ్చే హరిదాసును చూసినవాళ్లకు ఇందులో ఒక విషయం వెంటనే అర్థమవుతుంది. ఆయనా చేయి చాచడు, గుమ్మంలో నిలబడి బేరమాడడు. భిక్షువుకైతే ఆ పాట కూడా లేదు.

భిక్షువు అడగకపోవడం మర్యాద కోసం కాదు, నియమం. థేరవాద భిక్షువులు పాటించే 227 నియమాల్లో తిండికి సంబంధించినవి చాలా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే, మనిషి తన కాళ్ల మీద తాను నిలబడే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసేసినట్టు ఉంటుంది. నేల తవ్వకూడదు, మొక్కను తుంచకూడదు. అంటే సేద్యం లేదు. బంగారం, వెండి, డబ్బు పుచ్చుకోకూడదు. అంటే కొనుక్కోవడం లేదు. నీళ్లూ పళ్లపుల్లా తప్ప, ఎవరో అందించనిదేదీ నోట్లో పెట్టుకోకూడదు. అంటే చెట్టు కింద రాలిన మామిడిపండు కూడా ఎవరైనా తీసి చేతికిస్తేనే తినాలి. మధ్యాహ్నం దాటాక భోజనం లేదు. ఈరోజు వచ్చినది రేపటికి దాచుకోకూడదు. ఒంట్లో బాగా లేకపోతే తప్ప నెయ్యి, తేనె, చేప, పెరుగు వంటి మంచి పదార్థాలు కావాలని అడగకూడదు. ఒక చిన్న నియమం నాకు చాలా ఇష్టం: ఇంకొంచెం కూర పడుతుందన్న ఆశతో, ఉన్న కూరను అన్నంతో కప్పిపెట్టకూడదు. ఎవరో ఒకరు ఆ పని చేసి ఉంటేనే కదా ఈ నియమం పుట్టింది!

ఇన్ని దారులు మూసేశాక మిగిలింది ఒక్కటే, ప్రతి ఉదయం ఊళ్లోకి నడవడం. అడవిలో ఎంత దూరంలో ధ్యానం చేసుకున్నా, మర్నాటికి మళ్లీ జనం గుమ్మాల ముందుకు రావాల్సిందే. సన్యాసి లోకానికి పూర్తిగా దూరమైపోకుండా కట్టిన తాడు ఇది. ఊరివాళ్లకు అతని నడవడి రోజూ కళ్లెదుటే ఉంటుంది. లావోస్ ప్రభుత్వం కూరగాయలు పండించుకోమన్నప్పుడు సోమరితనం మానమన్నానని అనుకుంది. నిజానికి భిక్షువుగా ఉండడమే మానమంది.

పని చేయకుండా తినడమేమిటన్న ప్రశ్న కొత్తది కాదు. బుద్ధుడికే ఎదురైంది. మగధలో ఏకనాళ అనే ఊళ్లో కసి భారద్వాజుడనే బ్రాహ్మణుడు నాగళ్లు కట్టించి విత్తనాలు వేయిస్తూ, కూలీలకు అన్నం పెడుతున్న వేళ బుద్ధుడు పాత్రతో వెళ్లి నిలబడ్డాడు. నేను దున్ని, విత్తి తింటున్నాను, నువ్వూ అలా చేయి అన్నాడు ఆ ఆసామి. నేనూ దున్నుతున్నాను అంటూ బుద్ధుడు శ్రద్ధను విత్తనంగా, ప్రజ్ఞను నాగలిగా చెప్పిన జవాబు ప్రసిద్ధమే. దాని తర్వాత జరిగింది అంతగా ఎవరూ చెప్పుకోరు. ఆ మాటలకు మెచ్చి ఆసామి పెద్ద పాత్రలో పాయసం తెచ్చాడు. బుద్ధుడు వద్దన్నాడు. గాథలు చెప్పినందుకు వచ్చిన తిండి తాను తినకూడదన్నాడు. మాటకు పాయసం అయితే అది కూలి అవుతుంది. ఆ పాయసాన్ని నీళ్లలో పారబోయించారని సుత్తం చెబుతుంది. భిక్షువు కృతజ్ఞత చెప్పకపోవడానికి కూడా మూలం ఈ తూకమే. ఇచ్చినదానికి అక్కడికక్కడే బదులు ముట్టిందన్న లెక్క రాకూడదు.

మరి ఇచ్చినవాళ్లకు దక్కేదేమిటి? దాన్నే పుణ్యమంటారు. పాలిలో పుఞ్ఞ. దాన్ని భిక్షువు ఇవ్వడు. అతని దగ్గర అలాంటి నిల్వ ఏమీ లేదు. బౌద్ధంలో కర్మ అంటే ప్రధానంగా చేతన, అంటే మనసు పూని చేసే సంకల్పం. కాబట్టి పుణ్యం పుట్టేది పెట్టేవాళ్ల మనసులోనే. ఆ మనసును మూడు వేళల్లో చూస్తారు: పెట్టకముందు, పెడుతున్నప్పుడు, పెట్టిన తర్వాత. లువాంగ్ ప్రబాంగ్ ఇల్లాలికి మొదటిది రాత్రి బియ్యం నానబోసేటప్పుడే మొదలైంది. రెండోది పాత్రలో ముద్ద పడే క్షణం. మూడోది మధ్యాహ్నం గుర్తొచ్చినప్పుడు కలిగే తృప్తి. అయ్యో, అంత పెట్టకుండా ఉండాల్సింది అనుకుందంటే ఆ మూడో వేళ చెడినట్టే. ఖరీదైన వంటకు, పిడికెడు అన్నానికి తేడా ఇక్కడే పలచబడిపోతుంది.

అయితే పుచ్చుకునేవాడు ఎవరైనా ఒకటేనా? కాదు. సంఘాన్ని పుణ్యక్షేత్రం అంటారు, క్షేత్రమంటే ఇక్కడ పొలం. మంచి నేలలో విత్తు బాగా పండుతుందన్న రైతు తర్కమే. కానీ వరసలో వచ్చే యాభై మందిలో ఎవరు మంచివాడో ఆ ఇల్లాలికెలా తెలుస్తుంది? దీనికి మజ్ఝిమ నికాయంలోని దక్ఖిణావిభంగ సుత్తం ఒక జవాబు ఇచ్చింది. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి తన చేత్తో నేసిన వస్త్రాలు తెచ్చి ఆయనకే ఇవ్వబోయింది. సంఘానికి ఇవ్వమన్నాడాయన. ఆమె మూడుసార్లు అడిగినా అదే మాట. వ్యక్తికి ఇచ్చినదానికంటే సంఘానికి ఇచ్చినది గొప్పదని, శీలం లేనివాళ్లు కాషాయం కప్పుకు తిరిగే కాలంలో కూడా వాళ్లకు సంఘం పేరున ఇస్తే ఫలం తగ్గదని చెప్పాడు. అందుకే వీధి వరసలో ఎవరినీ ఎంచరు, అందరికీ ఒకే ముద్ద.

ఇంకో మెలిక ఉంది. ఈ పుణ్యాన్ని ఇతరులకు పంచవచ్చు. పెట్టడం అయ్యాక థాయ్‌లాండ్‌లో చిన్న కూజాతో నీళ్లు ధారగా వంచుతూ చనిపోయిన అమ్మానాన్నలను తలుచుకుంటారు. పంచితే తరగదు, ఎందుకంటే పంచడం కూడా ఒక మంచి చేతనే. మన నేల మీద ఈ ఆలోచనకు రాతి సాక్ష్యాలున్నాయి. నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, ఆ ఫలంలో భాగస్వాములుగా తన బంధువులను వరస పెట్టి శాసనంలో చెక్కించింది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణాతీరంలో చెప్పులు కుట్టే ఇంటికి, ఇక్ష్వాకు రాజకుటుంబానికి ఒకే పుణ్యక్షేత్రం అందుబాటులో ఉందన్నమాట.

ఇంత సున్నితమైన ఏర్పాటు చెడిపోవడమూ తేలికే. బ్యాంకాక్ బజార్లలో కొన్నిచోట్ల, భిక్షువు నడవకుండా ఒకే అంగడి పక్కన నిలబడి ఉంటాడు. దాత ఆ అంగడిలోనే సంచీ కట్టిన అన్నం, కూర కొని పెడతాడు. కాసేపటికి అదే సంచీ వెనక నుంచి తిరిగి అంగడికి చేరి మరొకరికి అమ్ముడుపోతుంది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: ఎండెక్కినా కదలకపోవడం, పాత్ర నిండుతున్నా ఖాళీగానే కనిపించడం, నోట్లు పుచ్చుకోవడం. లువాంగ్ ప్రబాంగ్‌లో చిక్కు వేరు. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చాక పర్యాటకులు పెరిగారు, భిక్షువుల ముఖాల మీద ఫ్లాష్‌లు వెలిగాయి, వీధుల్లో అమ్మే అన్నంలో బాగా లేనిదీ పాత్రల్లో పడింది. మనవాళ్లు ఎవరైనా అటు వెళ్తే, పెట్టే ఉద్దేశం లేనప్పుడు వీధికి అవతలి పక్క నిలబడి చూడడం మేలు.

భిక్షువులే వద్దనే సందర్భమూ వినయంలో ఉంది. సంఘానికి హాని తలపెట్టిన గృహస్థుడి నుంచి భిక్ష తీసుకోకూడదని సంఘం కూడి తీర్మానిస్తుంది. దీన్ని పాత్ర బోర్లించడం అంటారు. బుద్ధుడి కాలంలో వడ్ఢుడనే లిచ్ఛవి ఒక భిక్షువు మీద లేని నింద మోపితే ఈ శిక్ష పడింది. ఆ కబురు విని అతను మూర్ఛపోయాడట. తప్పు ఒప్పుకున్నాక పాత్రను మళ్లీ తిప్పారు. తిండి పుచ్చుకోకపోవడం శిక్షేమిటని మనకు అనిపించవచ్చు. బర్మాలో అనిపించలేదు. 1990లో మాండలే భిక్షువులు సైనికుల నుంచి, వాళ్ల కుటుంబాల నుంచి భిక్ష తీసుకోబోమని ప్రకటించారు. సైనిక ప్రభుత్వం విహారాల మీద దాడులు చేసి భిక్షువులను నిర్బంధించింది. 2007 సెప్టెంబరులో మళ్లీ అదే తీర్మానం జరిగింది, పాత్రలు బోర్లించి పట్టుకుని భిక్షువులు వీధుల్లో నడిచారు. ఆ సైనికుల ఇళ్లలో వండిన అన్నానికి లోటు లేదు. చనిపోయిన తల్లి పేరున దాన్ని పుచ్చుకునే పాత్రే లేదు.