ఇంట్లో సిగ్నల్ రాకపోతే బూస్టర్ పెట్టుకోవచ్చా?

పాడేరు చుట్టుపక్కల కొండవాలు ఊళ్లలోనైనా, నల్లమల అంచు పల్లెల్లోనైనా ఫోను మోగగానే మనిషి డాబా మీదికి పరుగెత్తడం మామూలే. పైన మాట్లాడితే అవతలివాళ్లకు వినిపిస్తుంది, మెట్లు దిగి హాల్లోకి వస్తే కాల్ తెగిపోతుంది. ఇలాంటి ఇంటికి ‘సిగ్నల్ బూస్టర్’ బిగిస్తామంటూ పట్నంలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల వాళ్లూ ఆన్‌లైన్ అమ్మకందారులూ ముందుకొస్తున్నారు. ఆ పెట్టె నిజంగా పనిచేసే సందర్భాలున్నాయి. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది.

బూస్టర్ అన్నా రిపీటర్ అన్నా జనం వాడుకలో ఒకటే. డాబా మీద టవర్ వైపు తిప్పిన యాంటెన్నా, అక్కడినుంచి కిందికి దిగే కేబుల్, మధ్యలో సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్, గదిలో చిన్న యాంటెన్నా. ఇంతే సరంజామా. టవర్‌నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచి గదిలోకి వదులుతుంది. గదిలో ఫోను పంపే సిగ్నల్‌ని కూడా పెంచి టవర్‌కి పంపుతుంది. కొనేవాళ్లకు మొదటి పని మాత్రమే కనిపిస్తుంది, ఫోను మీద గీతలు నిండుతాయి కాబట్టి. ఊరికి చేటు జరిగేది రెండో పని దగ్గర.

పెట్టె సంగతి ఆలోచించే ముందు ఇంటి సిగ్నల్‌ని కొలవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ డయలర్‌లో *#*#4636#*#* నొక్కితే చాలా మోడళ్లలో ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో RSRP అనే చోట మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. అది సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. -85 అయితే దర్జాగా మాట్లాడుకోవచ్చు, -105 దగ్గర ఇబ్బంది మొదలవుతుంది, -120 అంటే దాదాపు ఏమీ లేనట్టే. పది అంకెల తేడా అంటే పదింతల తేడా అని గుర్తుంచుకోవాలి.

ఒక స్లాబు ఇల్లు అనుకుందాం. డాబా మీద -102, కింద హాల్లో -118 వచ్చాయి. మధ్యలో పోయింది 16. అంటే స్లాబూ గోడలూ కలిసి సిగ్నల్‌ని సుమారు నలభయ్యో వంతుకు తగ్గించేశాయి. బయట సిగ్నల్ ఉంది, లోపలికి రావడం లేదు. రిపీటర్‌కి అనువైన ఇల్లు ఇదే.

డాబా మీదే -120 వస్తే మాత్రం ఏ పెట్టె పెట్టినా డబ్బు దండగ. యాంప్లిఫయర్ సిగ్నల్‌ని సృష్టించదు, యాంటెన్నా దగ్గరికి వచ్చినదాన్నే పెంచుతుంది. సిగ్నల్‌తోపాటు గాల్లో ఉన్న రొదనీ అంతే పెంచి, దానికి తన సొంత రొద కలుపుతుంది. గీతలు పెరిగినా మాట తెగుతూనే ఉంటుంది. పగలంతా బాగుండి, సాయంత్రం అందరూ వీడియోలు చూసే వేళ మాత్రం నెట్ నత్తనడక నడుస్తుంటే అది టవర్ మీద పడిన భారం. దానికీ బూస్టర్ మందు కాదు.

తరంగాల బ్యాండు కూడా కలవాలి. బజారులో దొరికే చవకరకం పెట్టెల్లో చాలావరకు 900 మెగాహెర్ట్జ్‌కి పనిచేసేవే. జియో 4జీ నడిచేది 850, 1800, 2300 బ్యాండ్లలో. 900 పెట్టె ఆ సిమ్ముకి ఏ విధంగానూ ఉపయోగపడదు.

అన్నీ కలిసొచ్చిన ఇంట్లో కూడా ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. గుడి మైకు స్పీకరుకి దగ్గరగా పెడితే ‘కూ...’ అని చెవులు చిల్లులు పడే మోత వస్తుంది కదా, గదిలోని యాంటెన్నా వదిలే సిగ్నల్ డాబా మీది యాంటెన్నాకు తగిలితే రిపీటర్‌లోనూ అదే జరుగుతుంది. దీన్ని ఇంజినీర్లు ఆసిలేషన్ అంటారు. యాంప్లిఫయర్ 65 డెసిబెల్స్ పెంచేదైతే, రెండు యాంటెన్నాల మధ్య అడ్డు 80 దాకా ఉండాలని వాళ్ల లెక్క. స్లాబు ఇంట్లోనే అంత అడ్డు దొరకడం కష్టం. పెంకుటింట్లోనైతే పెంకులు తరంగాలను పెద్దగా ఆపవు.

ఈ మోత చెవికి వినపడదు, టవర్‌కి మాత్రం వినపడుతుంది. ఫోను గరిష్ఠంగా పంపేది వాట్‌లో అయిదో వంతు శక్తి. టవర్‌కి చేరేసరికి అందులో మిగిలేది వాట్‌లో వందకోట్లో వంతు కన్నా ఎంతో తక్కువ. అంత సన్నని గొంతుల్ని పట్టుకోవడానికే టవర్ చెవి తయారైంది. ఒక డాబా మీది యాంటెన్నా రాత్రింబవళ్లు రొద వదులుతుంటే ఊళ్లో మిగతా ఫోన్ల గొంతు అందులో మునిగిపోతుంది. గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవదు, కలిసినా అవతలివాళ్లకు మన మాట వినపడదు. ఊళ్లో ఎవరో పురిటి నొప్పులతో 108కి ఫోను చేస్తే అది కలవకపోవచ్చు. కారణం నాలుగిళ్ల అవతల గోడకు బిగించిన పెట్టె అని ఎవరికీ తట్టదు. పెట్టె స్విచ్ తీసేసిన వెంటనే చుట్టుపక్కల ఫోన్లు బాగుపడితే దొంగ దొరికినట్టే.

అందుకే మన దేశంలో చట్టం దీన్ని ఇంటివాడి చేతికి ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోకూడదని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలోనే ఉంది. 2022 జనవరిలో టెలికాం శాఖ ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప మరెవరూ మొబైల్ రిపీటర్‌ని దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అన్నది సమర్థన కాదు. ఇలాంటి పెట్టెల జాడ పట్టేందుకు వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ అనే ప్రభుత్వ విభాగమే ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడినుంచి తెచ్చిపెడతామంటారు. అక్కడ ప్రభుత్వ ఆమోదమున్న బూస్టర్‌ని తమ మొబైల్ కంపెనీ దగ్గర నమోదు చేసుకుని ఇంట్లో వాడుకోవచ్చు. ఆసిలేషన్ మొదలైతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు అందులో ఉండి తీరాలి. ఆ అనుమతి అక్కడికే. పైగా అక్కడి బ్యాండ్లలో చాలావరకు ఇక్కడ కలవవు. వైఫై రిపీటర్ సంగతి వేరు. అది ఇంట్లో రూటర్ సిగ్నల్‌ని పక్క గదికి చేరవేసేది, దానికి లైసెన్సు అక్కర్లేదు.

మరి ఆ -102 ఇంటివాళ్లు ఏం చేయాలి? సిమ్ వేసుకునే 4జీ రూటర్ కొనుక్కోవాలి. బయటి యాంటెన్నా తగిలించుకునే వీలున్నదైతే మేలు. టవర్ వైపు తిప్పిన యాంటెన్నాని డాబా మీద బిగించి, రూటర్‌ని మెట్లగదిలో వానా ఎండా తగలని చోట ఉంచాలి. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. సన్నరకం కేబుల్ ఇరవై మీటర్లు లాగితే యాంటెన్నా సంపాదించిందంతా దారిలోనే ఆవిరైపోతుంది. పొట్టి కేబుల్‌తో -102 కాస్తా -95 దాకా రావచ్చు. 4జీకి అది చాలు. ఈ రూటర్ కూడా టవర్‌తో ఒక ఫోనులాగే మాట్లాడుతుంది, ఎంత శక్తితో మాట్లాడాలో టవరే దానికి చెబుతుంది. అందువల్ల ఊరికి ఇబ్బంది ఉండదు.

రూటర్ వైఫై హాల్లోకి వచ్చాక ఫోను సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మామూలు నంబరుకే కాల్స్ వస్తాయి, పోతాయి. ఎయిర్‌టెల్ 2019 చివర్లో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. ఫోను మోడల్‌కి ఆ సదుపాయం ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఊళ్లోకి ఫైబర్ లైను వచ్చి ఉంటే రూటర్, యాంటెన్నా బెడద కూడా ఉండదు. ఫైబర్ వైఫై మీదే వైఫై కాలింగ్ నడుస్తుంది.

డాబా మీద కూడా సిగ్నల్ అందని ఊళ్లలో మిగిలేది కంపెనీకి ఫిర్యాదు చేయడమే. ‘సిగ్నల్ రావట్లేదు’ అని ఊరుకోకుండా ఊరి పేరు, ఏ గదిలో ఏ వేళ RSRP ఎంత వచ్చింది, డాబా మీద ఎంత, నాలుగైదు ఇళ్లలో ఎంత అన్నది రాసివ్వాలి. ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోవాలి. కస్టమర్ కేర్ పట్టించుకోకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లేటప్పుడు మొదట అడిగేది ఆ నంబరే.