తిరువళ్ళూరు లాన్సర్: ఒక కారు జీవితచక్రం

మిత్సుబిషి లాన్సర్ కారు జపాన్‌లో 1995లో వచ్చిన రూపంతో 1998లో భారత విపణిలోకి అడుగుపెట్టింది. మిత్సుబిషి సహకారంతో దీన్ని హిందుస్థాన్ మోటార్స్ తమిళనాడులోని తిరువళ్ళూరు కర్మాగారంలో తయారు చేసింది. ప్రవేశం, ఎదుగుదల, పరిపక్వత, క్షీణత అనే నాలుగు దశలనూ ఈ కారు చరిత్రలో చూడవచ్చు.

కొత్త వస్తువుకు ధర పెట్టడానికి రెండు దారులున్నాయని ఆర్థికవేత్త జోయెల్ డీన్ 1950లో వివరించాడు. మొదట ఎక్కువ ధర పెట్టి, ఇవ్వగలిగినవారికి అమ్మి, క్రమంగా దించడం ఒకటి. మొదటి నుంచే తక్కువ ధరతో ఎక్కువమందిని చేరుకోవడం రెండోది. లాన్సర్ నడిచింది మొదటి దారిలో. మారుతీ ఎస్టీమ్‌కు పైమెట్టున నిలిచిన ఈ కారు ప్రచారం జపాన్ ఇంజనీరింగ్ మీద, హోదా మీద ఆధారపడింది. ప్రవేశ దశలో ప్రకటన చేయవలసిన పని వస్తువును పరిచయం చేయడమే.

ఎదుగుదల దశలో పోటీదారులు వస్తారు. హోండా సిటీ, ఫోర్డ్ ఐకాన్, హ్యుందాయ్ యాక్సెంట్ రంగంలో ఉండగా, ‘ఈ తరహా కారు కొనండి’ అంటే చాలదు. ‘మా కారే ఎందుకు’ అన్నది చెప్పాలి. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌తో పాటు 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ కూడా ఉండటం లాన్సర్‌కు కలిసొచ్చింది.

పరిపక్వతలో కొత్త కొనుగోలుదారులు తగ్గుతారు. అప్పుడు రకాలు పెంచుతారు: 1.8 లీటర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లతో వచ్చిన ఇన్వెక్స్ అలాంటిదే. డిస్కౌంట్లు మొదలయ్యేదీ ఇప్పుడే, కానీ వాటి లెక్క కఠినం. వంద రూపాయల ధరలో ఇరవై మిగులుతుందనుకుంటే, ఐదు తగ్గించగానే మిగులు పదిహేనవుతుంది. పాత లాభం నిలవాలంటే మూడో వంతు అమ్మకాలు పెరగాలి. ధర తగ్గించినా అమ్మకాలు కదలకపోతే అది తాత్కాలిక మాంద్యం కాకపోవచ్చు. క్షీణతకు గుర్తు కావచ్చు.

జపాన్‌లో 2000లోనే సీడియా అనే కొత్త తరం లాన్సర్ వచ్చింది. అది తిరువళ్ళూరు చేరింది 2006లో. పాత లాన్సర్‌ను కూడా పక్కనే అమ్మారు. ఒక దేశంలో వారసుడు వచ్చిన వస్తువు మరో దేశంలో ఇంకా అమ్ముడవుతుంది కాబట్టి వయసును విపణిని బట్టి లెక్కించాలి. క్షీణ దశలో కంపెనీలు సాధారణంగా ప్రచారం ఖర్చు తగ్గించి, కొత్త పెట్టుబడి ఆపి, ఉన్న అచ్చులూ యంత్రాలతో వచ్చినంత రాబట్టుకుంటాయి.

వస్తువు ఆయువు తీరినా కర్మాగారానిది తీరనక్కరలేదు. లాన్సర్ తర్వాత ఆ ప్రాంగణంలో ఇసుజు వాహనాలు తయారయ్యాయి. 2016లో ఇసుజు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో సొంత కర్మాగారం తెరిచింది. 2021లో తిరువళ్ళూరులోనే సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్ దాదాపు 30 లక్షల ధరతో మొదలైంది. మరుసటి ఏడాది సీ3 ఆరు లక్షల లోపు ధరతో వచ్చింది. డీన్ చెప్పిన రెండు దారులనూ ఒకే కర్మాగారం వరుసగా పట్టింది.