లెక్క కాదు... లెక్కించిన తీరు!

ప్రొడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూలో మూడు ప్రశ్నలు తరచూ ఎదురవుతాయి. అంచనా వేయండి, మెరుగుపరచండి, ముందు ఏది చేస్తారో చెప్పండి. ఈ మూడింటికీ ఎలా సిద్ధమవ్వాలో మనకు తెలిసిన హైదరాబాద్ మెట్రోతోనే చూద్దాం.

అంచనా: ఊహను బయటపెట్టండి

‘హైదరాబాద్ మెట్రోలో రోజుకు ఎన్ని ప్రయాణాలు జరుగుతాయి?’ అని అడిగారనుకోండి. ఎప్పుడో పేపర్లో చదివిన అంకె చెబితే మార్కులు పడవు. మీరు ఆ అంకెకు ఎలా చేరుకున్నారన్నదే వాళ్లకు కావాలి.

ముందుగా ప్రశ్నను ఖరారు చేసుకోండి. పనిదినమా, ఆదివారమా? వెళ్లిరావడాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా? పనిదినం, రెండుగా అన్నారనుకుందాం. నగర జనాభా కోటి అనుకుంటే, అందులో సగం మంది రోజూ చదువుకో పనికో బయటికి వెళ్తారు. అంటే 50 లక్షలు. వాళ్లలో ఇల్లూ, వెళ్లే చోటూ రెండూ మెట్రోకు అందుబాటులో ఉన్నవాళ్లు ఐదింట ఒక వంతు, 10 లక్షలు. బైకు, బస్సు, క్యాబ్ ఉండగా మెట్రోనే ఎంచుకునేది నలుగురిలో ఒకరు, రెండున్నర లక్షలు. రానుపోను కలిపి 5 లక్షల ప్రయాణాలు.

ఇక్కడితో ఆగిపోతే సగం జవాబే. మరో వైపు నుంచి సరిచూడాలి. మెట్రోకు 57 స్టేషన్లున్నాయి. ఒక్కో స్టేషన్‌లో రోజుకు సుమారు 8,800 మంది రైలెక్కాలి. రోజుకు 17 గంటలు రైళ్లు నడుస్తాయనుకుంటే నిమిషానికి తొమ్మిది మంది. అమీర్‌పేటలో ఇంతకు చాలా ఎక్కువ, చిన్న స్టేషన్లలో తక్కువ. సగటుగా నమ్మదగ్గదే. ఇటీవలి సంవత్సరాల్లో వాస్తవ సంఖ్య కూడా నాలుగున్నర, ఐదు లక్షల దరిదాపుల్లోనే ఉంది.

చివరగా, మీ లెక్కలో బలహీనమైన ఊహ ఏదో మీరే చెప్పండి. ఇక్కడ అది ‘ఐదింట ఒక వంతు’. దాన్ని 30 శాతం చేస్తే జవాబు ఏడున్నర లక్షలకు పెరుగుతుంది. ఏ ఊహ మారితే జవాబు ఎంత మారుతుందో తెలిసినవారే ఆ లెక్క మీద ఆధారపడి నిర్ణయం తీసుకోగలరు.

మెరుగు: ముందు మనిషి, తర్వాత ఫీచర్

‘మెట్రో టికెట్ యాప్‌ను మెరుగుపరచండి’ అనగానే ఫీచర్ల జాబితా మొదలుపెట్టడం అభ్యర్థులు ఎక్కువగా చేసే పొరపాటు. ముందు లక్ష్యం అడగండి: ఇప్పుడున్నవాళ్లు తేలిగ్గా టికెట్ కొనాలా, కొత్తవాళ్లు మెట్రోకు రావాలా? తర్వాత ఒక్క రకం ప్రయాణికుణ్ని ఎంచుకోండి. రోజూ ఒకే దారిలో ఆఫీసుకు వెళ్తూ, ప్రతిసారీ స్టేషన్ల పేర్లు మళ్లీ మళ్లీ ఎంచుకునే ఉద్యోగి అనుకుందాం. ఆయన ఇబ్బంది తెలిశాక పరిష్కారం దానంతట అదే కనిపిస్తుంది: నిన్నటి దారిని గుర్తుపెట్టుకుని ఒక్క నొక్కుతో టికెట్ ఇవ్వడం. అది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? యాప్ తెరిచిన దగ్గర్నుంచి క్యూఆర్ కోడ్ చేతికొచ్చేదాకా పట్టే సమయం తగ్గాలి. అదే సమయంలో పొరపాటున కొన్న టికెట్ల ఫిర్యాదులు పెరగకూడదు. ఈ రెండో కొలత చెప్పేవాళ్లు తక్కువ.

ప్రాధాన్యం: మార్కులు గుడ్డిగా నమ్మొద్దు

ఇప్పుడు రెండో ఆలోచన కూడా ఉందనుకోండి: స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆటోను కూడా యాప్‌లోనే బుక్ చేయడం. ఏది ముందు? ఇంటర్‌కామ్ సంస్థ తెచ్చిన ‘రైస్’ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఎంతమందికి చేరుతుంది, ఒక్కొక్కరికి ఎంత మేలు, మన అంచనా మీద నమ్మకం ఎంత అన్నవాటిని గుణించి, పట్టే శ్రమతో భాగించాలి.

ఒక్క నొక్కు టికెట్ నెలకు లక్షమందికి చేరుతుంది, మేలు 1, నమ్మకం 80 శాతం, శ్రమ ఒక మనిషికి రెండు నెలలు అనుకుంటే 40,000 మార్కులు. ఆటో బుకింగ్ 60,000 మందికి, మేలు 2, నమ్మకం 50 శాతం, శ్రమ ఆరు నెలలు అనుకుంటే 10,000. టికెట్‌దే గెలుపు.

అయితే లక్ష్యం కొత్త ప్రయాణికులైతే? ఒక్క నొక్కు టికెట్ ఇప్పటికే ఎక్కుతున్నవాళ్లకు మాత్రమే ఉపయోగం. స్టేషన్ దూరమని మెట్రో ఎక్కనివాళ్లను రప్పించగలిగేది ఆటోనే. మార్కుల పట్టికకు ఈ సంగతి తెలియదు, మీరే చెప్పాలి. నమ్మకం సగమే కాబట్టి, ఒకట్రెండు స్టేషన్లలో చిన్న ప్రయోగం చేసి, ఆ ఫలితం చూశాకే ఆరు నెలల పని మొదలుపెడతానని చెప్పండి.

సాధన కూడా ఇలాగే చేయండి. రోజూ వాడే ఒక సేవను తీసుకుని, మూడు ప్రశ్నలకూ పైకి మాట్లాడుతూ జవాబు చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వింటున్నప్పుడు ప్రతి అంకె దగ్గరా ‘ఎందుకు’ అని అడగండి. కారణం వినిపించని చోటే మళ్లీ సాధన చేయాల్సింది.