న్యుమోనియా: ఇంట్లో మందులా, ఆసుపత్రి మంచమా?

ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో సూక్ష్మజీవుల వల్ల వాపు వచ్చి, వాటిలో చీము, నీరు నిండితే న్యుమోనియా అంటారు. ఆసుపత్రిలో ఉండగా కాకుండా బయట, మామూలు జీవితంలో ఉన్నప్పుడు సోకిన న్యుమోనియాను వైద్యులు వేరుగా లెక్కిస్తారు. దగ్గు, జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చ కనిపించాక రోగ నిర్ధారణ దాదాపు పూర్తయినట్టే. ఆ తర్వాత తేలాల్సిన పెద్ద విషయం, రోగిని ఇంటికి పంపవచ్చా, చేర్చుకోవాలా అన్నది. చూపుకు బాగానే ఉన్నట్టు కనిపించే మనిషి రెండు రోజుల్లో ప్రాణాపాయంలో పడవచ్చు. అందుకే కంటి అంచనాకు తోడుగా ఒక లెక్క పెట్టుకున్నారు.

వాటిలో సులువైనది కర్బ్-65. బ్రిటన్, న్యూజిలాండ్, నెదర్లాండ్స్ రోగుల వివరాల ఆధారంగా 2003లో దీన్ని ప్రకటించారు. ఇందులో చూసేవి ఐదే. కొత్తగా వచ్చిన మతి తికమక, రక్తంలో పెరిగిన యూరియా, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాసలు, తగ్గిన రక్తపోటు (పై అంకె 90 కంటే తక్కువ, లేదా కింది అంకె 60 లేదా అంతకు తక్కువ), 65 ఏళ్లు లేదా పైబడిన వయసు. ఒక్కోదానికి ఒక్క పాయింటు. మొత్తం సున్నా, ఒకటి అయితే ఇంటి వైద్యం ఆలోచించవచ్చు. రెండైతే సాధారణంగా ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మూడు, ఆపైన తీవ్రమైన జబ్బు. నాలుగు, ఐదు వచ్చినవారికి ఐసీయూ అవసరమా అని కూడా చూస్తారు. మొదటి అధ్యయనంలో సున్నా, ఒకటి వచ్చినవారిలో నెలలోపు మరణాలు నూటికి 1.5 కాగా, మూడుకు మించినవారితో కలిపి మూడు వచ్చినవారిలో 22.

మన దగ్గర ఈ లెక్క తప్పే చోటు యూరియా. పాశ్చాత్య పుస్తకాల్లో చాలాచోట్ల యూరియాలోని నత్రజనిని మాత్రమే కొలిచి, 20 మిల్లీగ్రాములకు దగ్గరగా హద్దు పెడతారు. మన లాబ్‌లు చాలావరకు మొత్తం యూరియాను రాసిస్తాయి. దానికి హద్దు డెసిలీటరుకు 42 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్నవారికీ ఇది 30 వరకు ఉండటం మామూలే. రిపోర్టులో ఏది కొలిచారో చూడకుండా 20ని హద్దుగా పట్టుకుంటే, అక్కర్లేని పాయింటు చాలామంది ఖాతాలో పడుతుంది.

ఉదాహరణకు ఒక 68 ఏళ్ల రైతును తీసుకుందాం. నాలుగు రోజులుగా జ్వరం, తుప్పు రంగు కఫం, ఎక్స్‌రేలో కుడివైపు కింద మచ్చ. మాట స్పష్టంగా ఉంది, రోజూ వారమూ సరిగ్గా చెబుతున్నాడు. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితే శ్వాసలు 26. రక్తపోటు 112/70, యూరియా 36. అతనికి వయసు పాయింటు ఒక్కటే. 20ని హద్దు అనుకుని ఉంటే రెండయ్యేది, ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడేది. ఆక్సిజన్ 95 శాతం ఉంది, మాత్రలు మింగుతున్నాడు, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారు. ఇతన్ని ఇంటికి పంపవచ్చు. శ్వాసలను పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయడం మాత్రం నమ్మదగ్గ పద్ధతి కాదు.

ఇప్పుడు 32 ఏళ్ల యువకుణ్ణి చూద్దాం. మతి బాగుంది, రక్తపోటు బాగుంది, యూరియా 25, శ్వాసలు 28. అతని మొత్తం సున్నా. కానీ వేలికి ఆక్సీమీటర్ పెడితే 87 శాతం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు. ఇతన్ని ఇంటికి పంపడం ప్రమాదకరం. కర్బ్-65లో ఆక్సిజన్ లెక్కలోనే లేదు. ఇదే దీని అతిపెద్ద లోపం. వయసుకు పాయింటు పెడుతుంది కాబట్టి చిన్న వయసువారి జబ్బును తక్కువగా చూపించే గుణమూ ఉంది. ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గితే, మొత్తం ఎంతైనా, ఆసుపత్రి వైపే మొగ్గాలి. వాంతులతో మాత్రలు నిలవనివారు, గర్భిణులు, ఒంటరిగా ఉండేవారు, గుండె, కిడ్నీ జబ్బులు అదుపులో లేనివారు కూడా ఈ లెక్కకు పూర్తిగా లొంగరు. 1997లో వచ్చిన పీఎస్‌ఐ అనే మరో లెక్క 20 అంశాలతో పక్క జబ్బులను కూడా చూస్తుంది. కానీ దానికి పరీక్షలు ఎక్కువ, చిన్న క్లినిక్‌లో సాగదు. యూరియా పరీక్షే లేని చోట మిగతా నాలుగింటితోనే లెక్కవేస్తారు. అప్పుడు సున్నా వస్తేనే ఇల్లు, ఒకటి వచ్చినా ఆసుపత్రి సలహా అడగాలి.

ఇంటికి పంపినంత మాత్రాన నిర్ణయం ముగిసిపోదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన 48 గంటలకు రోగిని మళ్లీ చూడాలి. జ్వరం తగ్గుముఖం పట్టకపోయినా, ఆయాసం పెరిగినా, మాట తడబడినా, ఆక్సిజన్ పడిపోయినా అంతవరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో మరో జాగ్రత్త కావాలి. రెండు వారాలకు మించి దగ్గు, బరువు తగ్గడం ఉంటే కఫంలో క్షయ పరీక్ష చేయించాలి. లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు క్షయను కొన్నాళ్లు అణచిపెట్టి నిర్ధారణను ఆలస్యం చేస్తాయి కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు వాటితో మొదలుపెట్టకూడదు. జ్వరం తగ్గినా దగ్గు, నీరసం కొన్ని వారాలు ఉంటాయి. ఎక్స్‌రే మచ్చ ఇంకా నెమ్మదిగా పోతుంది. పొగ తాగేవారు, యాభై దాటినవారు ఆరు వారాల తర్వాత ఇంకో ఎక్స్‌రే తీయించుకోవాలి, ఆ మచ్చ వెనక కణితి దాగి ఉందేమో అప్పుడే తెలుస్తుంది.